63 హెచ్‌ఆర్‌సీ వచ్చిన పంచ్ ఎందుకు విరిగింది?

అన్నా, నేను బెంగళూరు పీణ్యాలో చిన్న ప్రెస్ షాప్ నడుపుతున్నాను. 2 ఎం.ఎం. ఎం.ఎస్. షీట్‌లో 20 ఎం.ఎం. చదరపు రంధ్రం కొట్టడానికి ఓహెచ్‌ఎన్‌ఎస్ అనే టూల్ స్టీల్‌తో పంచ్ చేయించాను. హార్డెనింగ్ చేసినవాళ్ళు గట్టితనం రాక్‌వెల్ కొలతలో 63 హెచ్‌ఆర్‌సీ అని రిపోర్ట్ ఇచ్చారు. నాలుగు వందల స్ట్రోక్‌లకే ఒక మూల ముక్క ఊడిపోయింది. ఇంకా గట్టిగా చేయించాలా, డీ2 స్టీల్‌కి మారాలా? విరిగినదాన్నే మళ్ళీ హార్డెన్ చేసుకోవచ్చా? అనీలింగ్, క్వెంచింగ్, టెంపరింగ్ మూడూ వేడి చేయడమే కదా, వాటి మధ్య తేడా నాకు అర్థం కావట్లేదు.

తమ్ముడూ, ఇంకా గట్టిగా చేయించొద్దు. ఆ 63 అనే అంకెలోనే జబ్బు కనిపిస్తోంది. ఓహెచ్‌ఎన్‌ఎస్‌ను ఆయిల్‌లో ముంచి తీసి అలాగే కొలిస్తే 63 నుండి 65 వస్తుంది. ఇలాంటి పనికి టెంపరింగ్ సరిగ్గా చేసిన పంచ్ 58 నుండి 60 మధ్య చూపించాలి. అంటే నీ పంచ్‌కు టెంపరింగ్ చేయనే లేదు, లేదంటే 150 డిగ్రీల దగ్గర కాసేపు పెట్టి తీసేశారు. మెషీన్ తప్పు చూపించి ఉండదు, ఎక్కువ అంకె అంటే మంచి అంకె అనుకోవడం దగ్గరే తప్పు జరిగింది.

మాది హిందూపురం దగ్గర పల్లె. రాజాజీనగర్‌లో, తర్వాత పీణ్యాలో టూల్‌రూమ్ పని, హీట్ ట్రీట్‌మెంట్ పని కలిపి ఇరవై ఆరేళ్ళు చేశాను. ఇలా విరిగిన పంచ్‌లు నా చేతిలోకి చాలానే వచ్చాయి. చాలాసార్లు కారణం ఇదే.

ముందు గట్టితనాన్ని, టఫ్‌నెస్‌ను విడివిడిగా చూడు. రాక్‌వెల్ మెషీన్ వజ్రపు మొనను 150 కిలోల బరువుతో స్టీల్‌లోకి నొక్కి, అది ఎంత లోతుకు దిగిందో కొలుస్తుంది. తక్కువ దిగితే గట్టి స్టీల్ అన్నమాట. దెబ్బ పడినప్పుడు ఆ ముక్క పగలకుండా ఎంత శక్తిని మింగుకోగలదో ఆ మెషీన్ చెప్పదు. ఆ రెండోదే టఫ్‌నెస్. పల్లీపట్టీ పంటికి ఎంతో గట్టిగా తగులుతుంది, నేల మీద పడితే మాత్రం ముక్కలవుతుంది. నీ పంచ్ ఆ పల్లీపట్టీ స్థితిలో ఉంది.

నీ పనికి నిజంగా ఎంత బలం కావాలో లెక్క వేద్దాం. 20 ఎం.ఎం. చదరం చుట్టుకొలత 80. షీట్ మందం 2. ఎం.ఎస్. కోతకు చదరపు మిల్లీమీటరుకు సుమారు 35 కిలోలు పడుతుంది. 80, 2, 35 హెచ్చవేస్తే 5,600 కిలోలు, అంటే ఐదున్నర టన్నులు. ఆ బరువును మోసే పంచ్ ముఖం 400 చదరపు మిల్లీమీటర్లు కాబట్టి ఒక్కో చదరపు మిల్లీమీటరు మీద 14 కిలోలు పడుతుంది. 58 దగ్గర టెంపర్ చేసిన ఓహెచ్‌ఎన్‌ఎస్ నొక్కుడుకు 200 కిలోల పైనే తట్టుకుంటుంది. అంచుల దగ్గర, మూలల దగ్గర ఒత్తిడి ఈ సగటు కంటే బాగా ఎక్కువే ఉంటుంది, అయినా 58 చాలు. నీ పంచ్ మూల నలిగిపోయి ఉంటే గట్టితనం చాలలేదని అనేవాణ్ణి. ముక్కగా ఊడింది కాబట్టి చాలనిది టఫ్‌నెస్.

ఇప్పుడు స్టీల్ లోపల ఏం జరుగుతుందో చెప్తాను. ఇది ఒక్కసారి అర్థమైతే మూడు పనుల తేడా మళ్ళీ ఎవరినీ అడగాల్సిన అవసరం రాదు.

ఓహెచ్‌ఎన్‌ఎస్‌లో సుమారు 0.9 శాతం కార్బన్ ఉంటుంది. మామూలు వేడిలో ఉన్న ఇనుము కార్బన్‌ను తనలో దాదాపు కలుపుకోలేదు. 727 డిగ్రీల దగ్గర కూడా అది కలుపుకోగలిగింది 0.02 శాతమే. మిగతా కార్బన్ ఇనుముతో కలిసి కార్బైడ్ అనే గట్టి గింజలుగా విడిగా కూర్చుంటుంది. నువ్వు షాపులో కొన్న బార్‌లో ఈ గింజలు గుండ్రంగా, చిన్నగా, మెత్తటి ఇనుములో అక్కడక్కడా చల్లినట్టు ఉంటాయి. అదే అనీల్ చేసిన స్థితి. అందుకే దాన్ని మిల్లింగ్ కట్టర్ సులువుగా కోస్తుంది, ఆకురాయి పట్టుకుంటుంది. గట్టితనం బ్రినెల్ అనే వేరే కొలతలో 200 దగ్గర ఉంటుంది. ఈ స్థితిలో అది దెబ్బకు పగలదు, కానీ పంచ్‌గా వాడితే అంచు మొదటి రోజే మడతపడుతుంది.

అదే బార్‌ను 800 డిగ్రీలకు తీసుకెళ్తే ఇనుము పరమాణువుల అమరికే మారిపోతుంది. ఆ కొత్త అమరికలో కార్బన్‌కు చోటు దొరుకుతుంది, గింజలు కరిగి చాలా కార్బన్ ఇనుములో కలిసిపోతుంది. ఇక్కడి నుంచి ఎంత వేగంగా చల్లారుస్తావన్న దాని మీదే ఫలితం ఉంటుంది. మెల్లగా చల్లారిస్తే కార్బన్ నిదానంగా బయటికి వచ్చి మళ్ళీ గింజలుగా చేరుతుంది, స్టీల్ మెత్తబడుతుంది. ఆయిల్‌లో ముంచితే బయటికి రావడానికి దానికి వ్యవధి ఉండదు. ఇనుము పాత అమరికకు పోవాలని చూస్తుంది, కార్బన్ మధ్యలో ఇరుక్కుంటుంది, ఆ అమరిక ఒక వైపుకు సాగి బిగుసుకుపోతుంది. దీన్నే మార్టెన్‌సైట్ అంటారు. స్టీల్‌లో ఏ పొరా పక్క పొర మీద జరగడానికి వీలుండదు కాబట్టి అది అంత గట్టిగా ఉంటుంది. జరగలేకపోవడమే దాని పెళుసుతనానికి కూడా కారణం. దెబ్బ పడ్డప్పుడు ఎక్కడో కొంచెం జరిగి సర్దుకునే వీలు లేక నేరుగా చీలుతుంది.

ఇలా ముంచి చల్లార్చడమే క్వెంచింగ్. అందులో ఇంకో చిక్కు ఉంది. మార్టెన్‌సైట్‌గా మారేటప్పుడు స్టీల్ కొద్దిగా ఉబ్బుతుంది. పైభాగం ముందు చల్లబడి, ముందు ఉబ్బి, ముందు గట్టిపడుతుంది. లోపలి భాగం తర్వాత ఉబ్బుతూ గట్టిపడిన పై పెంకును లోపలి నుంచి తోస్తుంది. ఆ పెంకు లాగబడి ఉంటుంది. ఎక్కడ పదునైన మూల ఉంటే, ఎక్కడ మందం ఒక్కసారిగా మారితే అక్కడే ఆ లాగుడంతా పోగవుతుంది. ఆయిల్ నుంచి తీసిన పంచ్‌ను బల్ల మీద పెడితే ప్రెస్ ఎక్కకముందే పగలడానికి సిద్ధంగా ఉన్నట్టే.

ఇది నేను కళ్ళారా చూశాను. నేను పని నేర్చుకుంటున్న రోజుల్లో ఒక టూల్‌రూమ్‌లో శనివారం సాయంత్రం నాలుగు పంచ్‌లు ఆయిల్‌లో ముంచారు. టెంపరింగ్ ఫర్నేస్ నిండాలంటే ఇంకా సరుకు రావాలి కాబట్టి సోమవారం చేద్దాం అన్నారు. ఆదివారం ఏదో పని మీద వెళ్ళాను. షెడ్డులో ఎవరూ లేరు. నేను నిలబడి ఉండగానే బల్ల మీద నుంచి టింగ్‌మని గాజు చిట్లినట్టు చిన్న శబ్దం వచ్చింది. వెళ్ళి చూస్తే ఒక పంచ్ హెడ్ మూల నుంచి వెంట్రుకంత పగులు కిందికి దిగి ఉంది. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు, ఏ బరువూ పడలేదు. రెండు రోజుల మిల్లింగ్, వైర్‌కట్ పని అలా పోయింది. అప్పటి నుంచి చేతికి ఓర్చుకునేంత వేడి ఉండగానే, అంటే 60, 65 డిగ్రీల దగ్గరే, పంచ్‌ను నేరుగా టెంపరింగ్ ఫర్నేస్‌లో పెడతాను. ముంచే ముందే ఆ ఫర్నేస్ వేడెక్కి ఉండాలి. కరెంటు పోయే అనుమానం ఉన్న రోజు క్వెంచింగ్ మొదలుపెట్టను.

టెంపరింగ్ అంటే ఇరుక్కున్న కార్బన్‌కు కొంచెం కదిలే అవకాశం ఇవ్వడం. 200 డిగ్రీల దగ్గర కొంత కార్బన్ బయటికి వచ్చి అతి సన్నని కార్బైడ్ రేణువులుగా మారుతుంది. అమరికలో బిగువు సడలుతుంది, లాగుడు ఒత్తిడి తగ్గుతుంది. మూడు నాలుగు పాయింట్ల గట్టితనం పోతుంది, దానికి బదులు దెబ్బ తట్టుకునే గుణం బాగా పెరుగుతుంది. ఓహెచ్‌ఎన్‌ఎస్‌లో ఇది ఇంచుమించు ఇలా ఉంటుంది: 150 దగ్గర పెడితే 62, 63. 200 దగ్గర 60, 61. 230 దగ్గర 59. 260 దగ్గర 57, 58. నీ పంచ్‌కు నేనైతే 220 పెడతాను.

వేడి పెంచుతూ పోతే టఫ్‌నెస్ కూడా పెరుగుతూ పోతుందని అనుకోకు. సుమారు 260 నుండి 370 మధ్య ఒక చెడ్డ ప్రాంతం ఉంది. అక్కడ కార్బైడ్ పలుచని రేకుల్లా ఏర్పడుతుంది, గట్టితనం తగ్గుతూనే ఉన్నా స్టీల్ మళ్ళీ పెళుసవుతుంది. రెండూ నష్టమే. విరుగుతోంది కదా, కొంచెం ఎక్కువ మెత్త చేద్దాం అని 300 పెట్టినవాళ్ళకు అంచు కూడా తొందరగా అరిగింది, విరగడం కూడా ఆగలేదు.

మా ఊళ్ళో కమ్మరి గడ్డపార మొనకు పదును పెట్టేటప్పుడు ఇదే పని ఒకే వేడిలో చేసేవాడు. ఎర్రగా కాలిన గడ్డపార కొసను మాత్రం నీళ్ళలో ముంచి తీసి, రాయి మీద గబగబా రెండు రుద్దులు రుద్ది, మెరిసే చోటును చూస్తూ కూర్చునేవాడు. పై భాగంలో మిగిలిన వేడి కొసలోకి దిగుతుంటే ఆ మెరుపు మీద గడ్డి రంగు, తర్వాత తేనె రంగు, తర్వాత ఊదా, నీలం వస్తాయి. తనకు కావలసిన రంగు కొసకు చేరగానే మొత్తం నీళ్ళలో ముంచేవాడు. లేత గడ్డి రంగు 220, 230 దగ్గర వస్తుంది, నీలం 300 దగ్గర. థర్మామీటరు లేకుండా ఆయన చేసింది టెంపరింగే. నీకు ఇచ్చిన పంచ్‌కు ఆ శ్రద్ధ కూడా దక్కలేదు.

చాలామందికి ఒక భయం ఉంటుంది, 58కి తెస్తే పంచ్ వంగుతుందేమో అని. మామూలు బరువు కింద స్టీల్ ఎంత వంగుతుందన్నది హీట్ ట్రీట్‌మెంట్‌తో దాదాపు మారదు. అనీల్ చేసిన బార్, హార్డెన్ చేసిన బార్ ఒకే కొలతలో ఉంటే ఒకే బరువుకు ఒకేలా వంగుతాయి. బరువు ఇంకా పెంచితే మెత్తటిది వంగినచోటే ఉండిపోతుంది, టెంపర్ చేసినది తిరిగి నిలబడుతుంది, టెంపర్ చేయనిది విరుగుతుంది. అంతే తేడా.

ఇక విరిగిన ముక్క సంగతి. దాన్ని పారేయకు, తుడవకు. వెలుతురులో పట్టుకుని విరిగిన ముఖాన్ని చూడు. అంతా ఒకే బూడిద రంగులో, పట్టులా నున్నటి గరుకుతో ఉంటే వేడి సరిగ్గా ఇచ్చారు, టెంపరింగ్ ఒక్కటే లోపం. పంచదార పలుకుల్లా తళుకులు కనిపిస్తే 800కు బదులు 870, 900కు తీసుకెళ్ళారని అర్థం. అప్పుడు స్టీల్ లోపలి స్ఫటిక రేణువులు పెద్దవైపోతాయి. ఇందులో మోసం ఏమిటంటే అలాంటి ముక్క కూడా రాక్‌వెల్ మీద దాదాపు మంచి అంకెనే చూపిస్తుంది. కేవలం టెంపరింగ్‌తో దాన్ని బాగుచేయలేం.

ముఖం మీద కొంత భాగం మాత్రం నల్లగా, ఆయిల్ మరకతో ఉండి మిగతాది తాజాగా మెరుస్తుంటే ఆ నల్ల భాగం ప్రెస్ మీద విరిగింది కాదు. క్వెంచింగ్‌లోనే పగిలి, ఆయిల్ లోపలికి దిగింది. నాలుగు వందల స్ట్రోక్‌లు ఆ పగులును పూర్తి చేశాయంతే. పంచ్‌లో మిగిలిన భాగానికి, రంగుతో పగుళ్ళు చూపే డై పెనెట్రెంట్ స్ప్రే కొట్టించు. ఎర్ర రంగు పూసి, పది నిమిషాలు ఉంచి, తుడిచి, తెల్ల డెవలపర్ కొడితే పగులు ఉన్నచోట ఎర్ర గీత తేలుతుంది. గ్రైండింగ్ చేసిన ముఖం మీద వలలా సన్నటి గీతలు వస్తే అవి గ్రైండింగ్ పగుళ్ళు. టెంపరింగ్ తక్కువైన ముక్కను గ్రైండర్ మీద పెడితే అవి తొందరగా వస్తాయి. పగుళ్ళు లోతుగా ఉంటే ఆ ముక్కను మళ్ళీ హార్డెన్ చేయడం దండగ. కొత్త బార్ తీసుకో.

పగుళ్ళు లేకపోతే, పొడవు తగ్గించుకునే వీలుంటే, మళ్ళీ హార్డెన్ చేయవచ్చు. కానీ ఉన్నదాన్ని ఉన్నట్టు 800కు ఎక్కించకూడదు. లోపల బిగువుతో ఉన్న మార్టెన్‌సైట్‌ను త్వరగా వేడి చేస్తే దారిలోనే పగలవచ్చు. పగలకపోయినా రేణువులు ఒకటి పెద్దది, ఒకటి చిన్నది అయి, రెండోసారి మొదటిసారి కంటే పెళుసుగా వస్తుంది. ముందు పూర్తి అనీలింగ్ చేసి, స్టీల్‌ను మొదటి స్థితికి తెచ్చుకోవాలి.

అనీలింగ్‌లో ఓపికే అసలు పని. పంచ్‌ను ఒక డబ్బాలో పెట్టి చుట్టూ పోత ఇనుప చిప్స్ నింపాలి. లేకపోతే ఫర్నేస్‌లోని గాలి పైపొరలోని కార్బన్‌ను తినేస్తుంది, తర్వాత ఎంత బాగా క్వెంచ్ చేసినా పైన మెత్తటి తోలు మిగులుతుంది. 780 డిగ్రీల దగ్గర గంట, గంటన్నర నిలిపి, గంటకు 20 డిగ్రీల చొప్పున మాత్రమే దించాలి, 540 వరకు. లెక్క వేస్తే 240 డిగ్రీలకు పన్నెండు గంటలు. ఆ తర్వాత గాలిలో చల్లారనివ్వవచ్చు. పొద్దున ఇస్తే మధ్యాహ్నానికి అనీల్ చేసి ఇస్తామని ఎవరైనా అంటే వాళ్ళు నీకు ఇస్తున్నది అనీలింగ్ కాదు. సరిగ్గా జరిగిందా అన్నది ఆకురాయి చెప్తుంది. కరకరమని కోసుకుపోవాలి, జారకూడదు.

మెత్తబడ్డాక విరిగిన కొస కోసేసి, మళ్ళీ మిల్లింగ్ చేసి, గ్రైండింగ్ కోసం ఒక్కో వైపు 0.3 ఎం.ఎం. వదులు. హెడ్ కింద మూల పదునుగా ఉంటే కనీసం 1 ఎం.ఎం. రేడియస్ పెట్టు. ఇది ఖర్చు లేని పని, దీంతో ఆగే పగుళ్ళు ఎన్నో.

హార్డెనింగ్‌కు ఇచ్చేటప్పుడు నోటితో చెప్పకుండా చలాన్ మీద రాయించు. 650 దగ్గర ప్రీహీట్. తర్వాత 800, ఇరవై మిల్లీమీటర్ల మందానికి సుమారు అరగంట నిలపాలి. ఆయిల్ 50, 60 డిగ్రీల గోరువెచ్చగా ఉండాలి, చల్లటి ఆయిల్ చిక్కగా ఉండి సరిగ్గా వేడి లాగదు. పంచ్‌ను నిలువుగా దించి పైకీ కిందికీ ఆడించాలి. పక్కవాటుగా పడేస్తే ఒక వైపు ముందు చల్లబడి వంకర పోతుంది. చేతికి ఓర్చుకునే వేడికి రాగానే 220 దగ్గర రెండు గంటల టెంపరింగ్, గది వేడికి చల్లార్చి మళ్ళీ అదే వేడిలో ఇంకో రెండు గంటలు. రెండోసారి ఎందుకంటే క్వెంచింగ్‌లో మారకుండా మిగిలిన కొంత భాగం మొదటి టెంపరింగ్ తర్వాత చల్లారేటప్పుడు కొత్త మార్టెన్‌సైట్‌గా మారవచ్చు. దానికి కూడా టెంపరింగ్ కావాలి కదా.

రిపోర్ట్‌లో గట్టితనం రెండుసార్లు రాయమని అడుగు, క్వెంచింగ్ తర్వాత ఒకటి, టెంపరింగ్ తర్వాత ఒకటి. 64, 59 అని కనిపిస్తే పని జరిగింది. మొదటిదే 59 వచ్చి ఉంటే అది టెంపరింగ్ వల్ల వచ్చిన 59 కాదు. వేడి చాలలేదు, లేదా పైపొర కార్బన్ పోయింది. చివరి అంకె ఒకటే అయినా లోపల స్టీల్ ఒకటి కాదు. అనుమానం తీరకపోతే తుమకూరు రోడ్డులో సీఎంటీఐ అనే ప్రభుత్వ పరిశోధన సంస్థ ఉంది, లోహ పరీక్షలకు ముక్కను అక్కడ చూపించుకోవచ్చు.

డీ2 గురించి. అది అరుగుదలకు ఓహెచ్‌ఎన్‌ఎస్ కంటే చాలా మేలు, లక్షల ముక్కలు కొట్టేవాళ్ళకు అదే కావాలి. కానీ అందులో పెద్ద పెద్ద క్రోమియం కార్బైడ్‌లు ఉంటాయి, టఫ్‌నెస్ ఓహెచ్‌ఎన్‌ఎస్ కంటే తక్కువ. మూల ఊడే సమస్యకు దాన్ని తెస్తే సమస్య పెరుగుతుంది. 58, 59 దగ్గర సరిగ్గా టెంపర్ చేసిన ఓహెచ్‌ఎన్‌ఎస్ కూడా ఊడుతుంటే అప్పుడు ఎస్1 లాంటి షాక్ స్టీల్ వైపు చూడు.

అంతకంటే ముందు డై క్లియరెన్స్, అంటే పంచ్‌కు డైకు మధ్య ఖాళీ, కొలువు. 2 ఎం.ఎం. ఎం.ఎస్.కు ఒక్కో వైపు 0.12 ఎం.ఎం. దగ్గర ఉండాలి. నాలుగు వైపులా ఫీలర్ గేజ్ పెట్టి చూడు. ఊడిన మూల వైపు 0.05 ఉండి ఎదుటి వైపు 0.19 ఉంటే పంచ్ ప్రతి స్ట్రోక్‌కూ పక్కకు తోసుకుంటోంది. అప్పుడు కొత్త పంచ్‌ను ఎంత బాగా టెంపర్ చేసినా అదే మూల ముందు పోతుంది. సెట్టింగ్ సరిచేశాకే దాన్ని ప్రెస్ మీద పెట్టు.